అన్నది లాయరా, కోర్టా?

సంపాదకులకు,

ఈ మధ్య ఒక పత్రికలో (మీది కాదు లెండి) 'అద్దె ఎగ్గొట్టాడు: కోర్టు' అన్న శీర్షిక చూసి, ఆ తీర్పు ప్రతి తెప్పించుకుని చదివాను. మొత్తం 32 పేరాలు. ఆ మాట 11వ పేరాలో ఉంది. అయితే అది కోర్టు మాట కాదు, ఇంటి యజమాని తరఫు లాయరు వాదన.

ఈ పొరపాటు ఎవరికైనా జరిగేదే. తీర్పులో ముందు కేసు పూర్వాపరాలు, ఆ తర్వాత ఇరుపక్షాల వాదనలు ఉంటాయి. ఆ వాదనలను న్యాయమూర్తి తన మాటల్లోనే రాస్తారు. పేరా మొదట్లో 'యజమాని వాదన ప్రకారం' అని ఒక్కసారి అని, పేజీ పొడవునా అదే వరసలో సాగిపోతారు. నడుమ ఒక వాక్యం తుంచి పట్టుకుంటే అది అచ్చం కోర్టు మాటలాగే కనిపిస్తుంది. అందుకే ఏ వాక్యాన్నైనా నమ్మే ముందు ఆ పేరా మొదటికి వెళ్లి క్రియ చూడాలి. ఇంగ్లీషు తీర్పుల్లో 'సబ్మిటెడ్', 'కంటెండెడ్' అని ఉంటే అది లాయరు మాట. 'వి హోల్డ్', 'ఐ ఫైండ్' అని ఉంటే కోర్టు మాట.

నేనైతే తీర్పును చివరి నుంచి మొదలుపెడతాను. ఈ తీర్పు చివర్లో 'అప్పీలు అనుమతించడమైనది' అని ఉంది. అప్పీలు చేసింది అద్దెదారు కాబట్టి అతనే గెలిచాడనుకుంటాం. అదీ తొందరపాటే. ఆ వెంటనే, ఖాళీ చేయమన్న కింది కోర్టు డిక్రీని రద్దు చేసి, కేసును మళ్లీ విచారించమని వెనక్కి పంపుతున్నట్టు ఉంది. అంటే ఇల్లు ఎవరి చేతిలో ఉండాలో ఇంకా తేలలేదు.

మరి ఎందుకు వెనక్కి పంపారు? దానికి 15వ పేరాలోని వివాదాంశాలు చూడాలి. అక్కడున్న ప్రశ్న 'అద్దె బాకీ ఉందా' అన్నది కానే కాదు. అద్దెదారు చూపిన రసీదులను పరిశీలించకుండా కింది కోర్టు తీర్పివ్వడం సరైనదేనా అన్నది. ఆ ప్రశ్నకు జవాబు 24వ పేరాలో దొరికింది: రసీదులు రికార్డులో ఉన్నాయి, కింది కోర్టు వాటి ప్రస్తావనే తేలేదు. రసీదులు నిజమైనవా కావా అన్న దానిపై తామేమీ చెప్పడం లేదని కూడా అక్కడే స్పష్టంగా రాశారు. ప్రశ్నకు అవతల న్యాయమూర్తి యథాలాపంగా అన్న మాటలకు తీర్పంత బరువుండదు. విలేకరులకు మాత్రం అవే ఎక్కువ రుచిస్తాయి!

కోర్టు వార్త రాసినప్పుడు చివరి ఉత్తర్వును ఉన్నదున్నట్టు రెండు వాక్యాల్లో ఇచ్చి, ఉటంకించిన మాట ఏ పేరాలోది, ఎవరు అన్నది అని పక్కనే వేయండి. ఆ అద్దెదారును వీధిలో ఇప్పటికీ 'కోర్టు తేల్చిన ఎగవేతదారు' అనే పిలుస్తున్నారు.

ఇట్లు,
కోర్టు గుమాస్తాగా పనిచేసి విరమించిన ఒక పాఠకుడు