మీ ఫిజిక్స్ గైడ్‌లో కేంద్రకాల చాప్టర్ తప్పులు: 11 కాపీల గురించి ఫిర్యాదు

అయ్యా,

నేను తిరుపతి బైరాగిపట్టెడలో సాయంత్రాలు ఇంటర్ సెకండియర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతుంటాను. మీ గైడ్ 11 కాపీలు గాంధీ రోడ్డులో నేనే కొని తెచ్చి పిల్లలకిచ్చాను, కాబట్టి వాళ్ల ముందు తల దించుకోవాల్సింది కూడా నేనే. పోయిన వారం మీ ఆఫీసుకు ఫోన్ చేస్తే, "ప్రింట్ మిస్టేక్ అయ్యుంటుంది సార్, టెక్స్ట్‌బుక్ చూసుకోండి" అన్నారు. ప్రింట్ మిస్టేక్ అంటే ఒక అంకె జారిపోవడం. మీ దాంట్లో లెక్క చేసిన పద్ధతే తప్పు, అందుకే రాతపూర్వకంగా పంపుతున్నాను.

మొదటిది అర్ధాయువు లెక్క. అయోడిన్-131 అర్ధాయువు 8 రోజులు, 80 గ్రాములుంటే 12 రోజుల తర్వాత ఎంత మిగులుతుంది అన్నది ప్రశ్న. (అంత అయోడిన్-131 ఎవరి దగ్గరా ఉండదు, థైరాయిడ్ వైద్యానికి ఇచ్చేది మైక్రోగ్రాముల్లోనే, సరే, పరీక్ష లెక్క కదా.) మీవాళ్లు 8 రోజులకు 40, 16 రోజులకు 20, 12 సరిగ్గా మధ్యలో ఉంది కాబట్టి 30 అని తేల్చేశారు. క్షయం అలా సరళరేఖలో సాగదు. ఉన్న కేంద్రకాలు ఎక్కువగా ఉన్నప్పుడు ఎక్కువ విఘటనం చెందుతాయి, తగ్గేకొద్దీ వేగం కూడా తగ్గుతుంది, అందుకే సమాన కాలవ్యవధిలో తగ్గేది సమాన గ్రాములు కాదు, సమాన భాగం. 4 రోజులంటే అర్ధాయువులో సగం, ఏ సంఖ్యతో రెండుసార్లు గుణిస్తే సగం వస్తుందో అది 0.707. కాబట్టి 80, 56.6, 40, 28.3, 20 అని దిగుతుంది. 8వ రోజు నుంచి 12వ రోజుకు 11.7 గ్రాములు పోతే, తర్వాతి నాలుగు రోజుల్లో పోయేది 8.3 మాత్రమే. జవాబు 28.3. మీరు చెప్పే 30 గ్రాములు 11 రోజుల చిల్లరకే వచ్చేస్తుంది. ఘోరం ఏమిటంటే ఆప్షన్లలో 28.3 కూడా ఉంది, అంటే సరిగ్గా చేసిన పిల్లవాడు కీ చూసి తనదే తప్పనుకుంటాడు. మా దగ్గర ఒకడు అచ్చం అలాగే, "ఏంది సార్, గైడ్‌లో 30 అని ఉంది, మీరేమో ఇంకోటి చెప్తారు" అని అడిగాడు.

రెండోది ఇంకా లోతైన తప్పు, పైకి కనబడదు. హీలియం-4 బంధన శక్తి లెక్కలో రెండు ప్రోటాన్లు, రెండు న్యూట్రాన్ల ద్రవ్యరాశి కూడి (1.00728, 1.00867 తీసుకుని) 4.03190 u రాశారు. అందులోంచి 4.00260 తీసేశారు. ఆ 4.00260 హీలియం పరమాణువు ద్రవ్యరాశి అండీ, కేంద్రకానిది కాదు! పరమాణువులో రెండు ఎలక్ట్రాన్లు కూడా ఉన్నాయి, ఎడమ పక్క కూడినదాంట్లో అవి లేవు. ఒక సంచితో తూచిన బియ్యాన్ని, సంచి లేకుండా తూచిన బియ్యంతో పోల్చినట్టు. ప్రోటాన్ బదులు హైడ్రోజన్ పరమాణువు 1.00783 వేసుకుంటే రెండు పక్కలా ఎలక్ట్రాన్లు సరిపోయి రద్దవుతాయి: మొత్తం 4.03300, లోపం 0.03040 u, 931.5 తో గుణిస్తే 28.3 MeV, నాలుగు న్యూక్లియాన్లకు పంచితే దాదాపు 7.1. మీకు వచ్చింది 27.3, న్యూక్లియాన్‌కు 6.8. తేడా సరిగ్గా రెండు ఎలక్ట్రాన్ల శక్తి, ఒక్కోటి 0.511 MeV.

ఇదే పద్ధతి ఇనుము-56 కి కూడా వాడి న్యూక్లియాన్‌కు 8.55 MeV అని వేశారు. 26 ఎలక్ట్రాన్లు వదిలేస్తే మొత్తంలో 13.3 MeV పోతుంది మరి, న్యూక్లియాన్‌కు సరైనది 8.79. దాని కిందే మీ గ్రాఫ్‌లో ఇనుము దగ్గర వక్రం 8.8 దగ్గర నిలబడి ఉంది! ఒకే పేజీలో లెక్క ఒకటి, బొమ్మ ఇంకొకటి. గ్రాఫ్ గీసినవాళ్లు లెక్క చేసినవాళ్లను ఒక్కసారైనా కలిశారా? మా పిల్లల్లో ఇద్దరు గ్రాఫే తప్పనుకుని, పెన్సిల్‌తో కిందకి దించి గీసుకున్నారు.

నాకు కావాల్సింది ఇది. ఈ రెండు లెక్కలూ (ఇనుముది కూడా కలిపి) పూర్తి స్టెప్పులతో సరిచేసిన కాగితం ముద్రించి, గైడ్ అమ్మిన ప్రతి షాపుకూ పంపండి, ఉత్త జవాబు మార్చి ఊరుకోకండి. ఎలక్ట్రాన్ల సంగతి ఒక వాక్యంలోనైనా అందులో రాయాలి. నా 11 కాపీలు వాపసు తీసుకుని డబ్బు ఇవ్వండి, రసీదు జతచేశాను, పెన్సిల్ గీతలున్నవి రెండూ అలాగే పంపుతాను. సంక్రాంతి సెలవుల్లోపు పంపితే పిల్లలకు మళ్లీ ఆ చాప్టర్ చెప్పుకోవడానికి నాకు టైం ఉంటుంది.

ఇట్లు,
తిరుపతి నుంచి ఒక ఫిజిక్స్ ట్యూషన్ మాస్టారు