దూరం నుంచి తీసిన వీడియోకు విడి ఆడియో జతపరచడం

సభ్యులందరికీ నమస్కారం. చెరువుగట్టు జాతర వంటి చోట్ల ఒగ్గుకథను చిత్రీకరించేటప్పుడు రికార్డరును కథకుని దగ్గర ఉంచి, కెమెరాను జనం వెనుక నిలబెడుతున్నాము కనుక ఈ విషయం రాస్తున్నాను.

ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ తరంగ రూపాలను పోల్చి రెండు ఆడియోలను కలిపినప్పుడు, అది చూసేది కెమెరా మైకు విన్న శబ్దాన్నే గాని దృశ్యాన్ని కాదు. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు ప్రయాణిస్తుంది. కాబట్టి కెమెరా 34 మీటర్ల దూరంలో ఉంటే డోలు దెబ్బ దాని మైకుకు సెకనులో పదో వంతు ఆలస్యంగా చేరుతుంది. 25 ఫ్రేముల వీడియోలో అది రెండున్నర ఫ్రేములు. తరంగాలు చక్కగా కలిసినట్లే కనిపిస్తాయి, కాని పుల్ల డోలును తాకిన తరువాతే మోత వినిపిస్తుంది.

అందువల్ల కథ మొదలయ్యే ముందు రికార్డరు పక్కన నిలబడి, కెమెరాకు చేతులు స్పష్టంగా కనబడేలా ఒకసారి చప్పట్లు కొట్టించండి. సాఫ్ట్‌వేర్ కలిపిన తరువాత, అరచేతులు తాకిన మొదటి ఫ్రేము దగ్గర ఆగి, రికార్డరు ఆడియోలోని చప్పట్ల శిఖరం అక్కడికి వచ్చేవరకు దానిని ముందుకు, అంటే టైమ్‌లైనులో ఎడమకు జరపండి. ఆపై కెమెరా ఆడియోను పూర్తిగా ఆపివేయాలి. లేనిచో ప్రతి మాట వెనుక ప్రతిధ్వని వినిపిస్తుంది.

కథ ముగిశాక కూడా ఒక చప్పట్లు అవసరం. మొదట కుదిరి చివర తప్పితే, రెండు పరికరాల గడియారాల వేగంలో తేడా ఉన్నట్లు. అప్పుడు కథకుడు ఆగిన చోట ఆడియోను కోసి, అక్కడి నుంచి మళ్లీ జతపరచండి.