క్లినిక్ అపాయింట్‌మెంట్ యాప్: డాక్టర్ గారికి మేం ఇచ్చిన లెక్క

“మా క్లినిక్‌కి సింపుల్‌గా ఒక అపాయింట్‌మెంట్ యాప్ కావాలండీ. ఏమేం చేస్తారు, ఎన్నాళ్లు పడుతుంది, ఎంతవుతుంది, ముందే చెప్పండి.”

తెనాలిలో సొంత క్లినిక్ నడుపుతున్న ఒక డాక్టర్ గారు అన్న మాటలివి. మా దగ్గర బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ తీసుకున్న ల్యాబ్‌లవాళ్లు, డెంటల్ క్లినిక్‌లవాళ్లు కూడా ఈ మధ్య ఇదే అడుగుతున్నారు. అందుకని డాక్టర్ గారి అనుమతితో, ఆయనకు పంపిన ప్రతిపాదనలోని సంగతులు మీ అందరికీ రాస్తున్నాను.

ప్లే స్టోర్‌లో పెట్టే యాప్ వద్దని మొదటే చెప్పాం. ఏడాదికి రెండు మూడుసార్లు వచ్చే పేషెంటు మన కోసం ఫోన్‌లో యాప్ దించుకోడు. పైగా గూగుల్‌లో 2023 నవంబరు తర్వాత తెరిచిన వ్యక్తిగత ఖాతా అయితే, యాప్ బయటికి వదిలేముందు కనీసం 12 మందితో వరసగా 14 రోజులు వాడించి చూపించాలి. ఆపిల్‌కైతే ఏటా 99 డాలర్లు కట్టాలి. దీని బదులు ఒక వెబ్ పేజీ చాలు. క్లినిక్ గోడ మీద, మందుల చీటీ వెనక క్యూఆర్ కోడ్ ఉంటుంది. స్కాన్ చేస్తే పేజీ తెరుచుకుంటుంది, పేరు, వయసు, ఫోన్ నంబరు ఇస్తే టోకెన్ వస్తుంది.

రెండో సంగతి, పేషెంటుకి “సరిగ్గా 6:10కి రండి” అని టైమ్ ఇవ్వబోం. డాక్టర్ గారు నర్సింగ్ హోమ్‌లో కేసు చూసి రావడం అరగంట ఆలస్యమైతే ఆ టైములన్నీ అబద్ధాలైపోతాయి, ఆ కోపమంతా రిసెప్షన్‌లో కూర్చున్న అమ్మాయి మీద పడుతుంది. మన ఊళ్లలో జనానికి నంబరు అలవాటు. నంబరే ఇస్తాం, దాని పక్కన సుమారుగా ఎప్పుడు పిలుస్తారో చూపిస్తాం.

ఆయన సాయంత్రం ఓపీ 6 నుంచి 9 వరకు. ఒక్కో పేషెంటుకి సగటున 6 నిమిషాలు అనుకుంటే 180 నిమిషాలకు 30 టోకెన్లు. ఇందులో 5, 7, 9 అలా 27 వరకు బేసి నంబర్లు, మొత్తం 12, ఆన్‌లైన్‌కి. మిగతా 18 నేరుగా వచ్చేవాళ్లకి, ఫోన్ చేసేవాళ్లకి. నంబర్లు ముందే విడదీయడానికి కారణం ఉంది. క్లినిక్‌లో నెట్ పోయినా రిసెప్షన్ టాబ్లెట్ తన నంబర్లు తాను ఇచ్చుకుంటూ పోవచ్చు, ఒకే టోకెన్ ఇద్దరి చేతిలో పడదు. ఓపీ మొదలవగానే ఆన్‌లైన్ బుకింగ్ ఆగిపోతుంది, మిగిలిన బేసి నంబర్లు కౌంటర్‌కి వచ్చేస్తాయి. ఇంట్లో ఒక్క ఫోనే ఉండే కుటుంబాలు చాలా ఉన్నాయి కాబట్టి ఒక ఫోన్ నంబరు మీద పూటకు 3 టోకెన్ల వరకు ఇస్తాం.

ఇప్పుడు 21వ నంబరు ఉన్నాయన ఇంట్లోంచి పేజీ చూస్తున్నాడనుకోండి. 7 గంటలకి 9వ నంబరు లోపలికి వెళ్లింది. 9 నుంచి 20 వరకు 12 మంది, 6 నిమిషాల చొప్పున 72 నిమిషాలు. ఆయన వంతు 8:12 ప్రాంతంలో వస్తుంది, పేజీలో “8:10 – 8:25 మధ్య” అని కనిపిస్తుంది. ఆ రోజు జ్వరాలు ఎక్కువై చివరి అయిదుగురికి సగటున 8 నిమిషాలు పట్టిందంటే లెక్క దానంతట అదే 96 నిమిషాలకు మారి, 8:36 అవుతుంది. ఊపిరాడని బిడ్డ ఎవరైనా వస్తే రిసెప్షన్‌లో “ముందు పంపు” నొక్కుతారు. ఎవరి నంబరూ మారదు, టైమ్ మాత్రం జరుగుతుంది. రిపోర్టులు చూపించుకునే రివ్యూ పేషెంట్లకి టోకెన్ అక్కర్లేదు, ప్రతి నలుగురి తర్వాత ఒకరిని పంపుతారు. నలుగురా, ముగ్గురా అన్నది డాక్టర్ గారే చెప్పాలి. ఇలాంటి నిర్ణయాలు మేం చేసేవి కావు.

ఈ పద్ధతి చెడిపోయేది ఒక్కచోటే. పేషెంటు లోపలికి వెళ్లినప్పుడల్లా రిసెప్షన్‌లో “తర్వాతివారు” బటన్ నొక్కాలి. రద్దీలో మర్చిపోతే నంబరు కదలదు, ఇంట్లో ఉన్నవాళ్లు ఇంకా చాలా టైముందనుకుంటారు. అందుకే 20 నిమిషాలు నంబరు కదలకపోతే టాబ్లెట్ తెర ఎర్రబడి శబ్దం చేస్తుంది, పేషెంట్ల పేజీలో అంచనా టైమ్ మాయమై, నడుస్తున్న నంబరు ఒక్కటే కనిపిస్తుంది. తప్పు టైమ్ చూపించడం కంటే ఏమీ చూపించకపోవడమే మేలని మా ఉద్దేశం.

ప్రిస్క్రిప్షన్లు, ల్యాబ్ రిపోర్టులు, వీడియో కన్సల్టేషన్, ఆన్‌లైన్ ఫీజు ఇందులో ఉండవు. జబ్బు వివరాలు భద్రపరచడం మొదలుపెడితే 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం కింద క్లినిక్ బాధ్యత పెరుగుతుంది. బుకింగ్‌కి అవి అవసరం కూడా లేదు. ఫీజు ముందే తీసుకుంటే డాక్టర్ గారు రాని రోజున 30 మందికి డబ్బు వెనక్కివ్వడం మరో పనవుతుంది. ఆరు నెలలు టోకెన్లు సాఫీగా నడిచాక కావాలంటే అప్పుడు మాట్లాడుకుందామన్నాం.

గడువు అయిదు వారాలు. మొదటి వారం కోడ్ రాయం. రిసెప్షన్ పక్కన కూర్చుని, ఇప్పుడు పేర్లు రాసే నోటుబుక్కు ఎలా నడుస్తోందో చూస్తాం, ఆ 6 నిమిషాల సగటు నిజమో కాదో అక్కడే తేలుతుంది. తర్వాతి రెండు వారాలు తయారీ. నాలుగో వారం నోటుబుక్కు, టాబ్లెట్ రెండూ కలిసి నడవాలి. రోజు చివర రెండింటిలో పేర్లు, వరస సరిపోల్చుకుంటాం. అవి కలిస్తేనే అయిదో వారం క్యూఆర్ కోడ్ గోడెక్కుతుంది. పేషెంట్లకి టోకెన్ సంగతి వాట్సాప్ మెసేజ్‌లుగా వెళ్తుంది, దానికోసం వాట్సాప్ నడిపే మెటా కంపెనీ దగ్గర వ్యాపార ధృవీకరణ మొదటి రోజే పెడతాం, ఎందుకంటే అది మా చేతిలో లేని పని. దానికి కొత్త సిమ్ తీసుకుంటాం, క్లినిక్ పాత నంబరు ముట్టుకోం.

ఖర్చు రూ. 50,000. ఇది 25 పనిదినాలకు రోజుకి రూ. 2,000 లెక్క. మొదలుపెట్టేటప్పుడు 15,000, నాలుగో వారం రెండూ కలిసి నడిచాక 20,000, ఆన్‌లైన్ మొదలై నెల నిండాక 15,000. టాబ్లెట్ క్లినిక్‌వాళ్లే కొనుక్కోవాలి. సర్వర్‌కి నెలకి సుమారు 800. ఉదయం, సాయంత్రం కలిపి రోజుకి 60 మంది, ఒక్కొక్కరికి రెండు మెసేజ్‌లు, నెలకి 26 రోజులు అంటే 3,120 మెసేజ్‌లు. ఒక్కోటి 15 పైసలనుకుంటే 468 రూపాయలు. ఈ రేటు మెటా మారుస్తుంటుంది, బిల్లు నేరుగా క్లినిక్ పేరు మీదే వస్తుంది, మధ్యలో మేం ఏమీ వేసుకోం. పండగ ఆఫర్లు, హెల్త్ ప్యాకేజీల ప్రచారం కూడా దీనిమీదే పంపుదామంటే అవి వేరే తరగతి మెసేజ్‌లు, రేటు చాలా ఎక్కువ. పంపొద్దనే సలహా ఇచ్చాం. మొదటి ఏడాది రిపేర్లకి డబ్బు అడగం, రెండో ఏడాది నుంచి ఏటా 8,000.

డొమైన్, సర్వర్, పేషెంట్ల జాబితా అన్నీ క్లినిక్ ఖాతాలోనే ఉంటాయి. రేపు ఆయన మమ్మల్ని వదిలి వేరేవాళ్ల దగ్గరికి వెళ్లాలనుకుంటే జాబితా ఎక్సెల్ ఫైల్‌గా తీసుకుని వెళ్లిపోవచ్చు, కోడ్ కూడా అప్పజెబుతాం.

ఇక మీకు సంబంధించిన మాట. మేం ఇద్దరమే. ఈ పని నడిచే అయిదు వారాలూ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో కొత్త మార్పులు మొదలుపెట్టలేం. బిల్లు రాకపోవడం, ప్రింటర్ ఆగిపోవడం లాంటివి మాత్రం ఎప్పటిలాగే అదే రోజు చూస్తాం. మీ క్లినిక్‌కి కూడా ఇలాంటిది కావాలంటే ముందు ఒక వారం పాటు ఒక్కో పేషెంటు లోపలికి వెళ్లిన టైమ్ కాగితం మీద రాయించి ఉంచండి. ఆ కాగితం చూశాకే ఎన్ని టోకెన్లో, ఎంత ఖర్చో చెబుతాం.