శుక్రవారం ఆటల పోటీలు: తల్లిదండ్రులకు

అందరికీ నమస్కారం. పోటీలు ఉదయం 8 గంటలకు మొదలవుతాయి. పిల్లలను 7:40 కల్లా మైదానం దగ్గర దింపండి.

వదులైన నూలు బట్టలు, టోపీ వేయండి. బూట్లు అలవాటైనవే మేలు. కొత్తవి ఆ రోజే తొడిగితే మడమ ఒరుసుకుపోయి బొబ్బలు వస్తాయి.

పేరు రాసిన లీటరు నీళ్ల సీసా ఇవ్వండి. పరుగుకు ముందు గటగటా తాగితే కడుపులో పట్టేస్తుంది. అందుకే 20 నిమిషాలకోసారి కొన్ని గుక్కలు తాగిస్తాం. తల తిరుగుతోందని, వికారంగా ఉందని ఎవరన్నా వెంటనే నీడలో కూర్చోబెడతాం.

ఇక పోటీ వద్దనే పిల్లల సంగతి. దయచేసి బలవంతం చేయకండి. "ఎందుకు పరుగెత్తవు?" అనకుండా "ఏది కష్టంగా ఉంది?" అని అడిగి చూడండి. పోయినసారి ఒక పాప వారం ముందు నుంచే కడుపునొప్పి అంటూ ఉండేది. నెమ్మదిగా అడిగితే, భయం పరుగంటే కాదు, చెవి పక్కన మోగే విజిల్ అంటే అని తేలింది. ఆమె వరుసకు జెండా ఊపాం. హాయిగా పరుగెత్తింది.

అప్పటికీ వద్దంటే ముగింపు గీత దగ్గర రిబ్బను పట్టుకునే పని, సమయం రాసే పని ఇస్తాం. మధ్యలో మనసు మారితే రిలేలో చేర్చుకుంటాం.

ఇలాంటివి గురువారం సాయంత్రంలోగా నాకు విడిగా రాయండి. గ్రూపులో పిల్లల పేర్లు వద్దు.

ఉబ్బసం ఉన్నవారి ఇన్‌హేలర్ సంచిలో పెట్టడం మరచిపోకండి.