వయసు ఖాతాలో రాయకండి, కలెక్టర్ గారూ

నల్గొండ జిల్లా కలెక్టర్ గారికి,

నమస్కారం. నేను బి.ఎడ్. కాలేజీలో ముప్పై ఏళ్లు సైకాలజీ చెప్పి రిటైరయ్యాను. నాకు 63 ఏళ్లు. పింఛను గురించో, రోడ్డు గురించో రాస్తున్నానని అనుకోకండి. మా మనుమడి బడిలో జరిగిన ఓ చిన్న నాటిక గురించి రాస్తున్నాను.

వార్షికోత్సవం రోజు నాలుగో తరగతి పిల్లవాడొకడు తలకు పౌడరు పూసుకుని, చేతికర్ర పట్టుకుని తాత వేషంలో వచ్చాడు. నెత్తిమీద కళ్లద్దాలు పెట్టుకుని, అవే కళ్లద్దాల కోసం స్టేజీ అంతా వెతికాడు. జనం నవ్వారు. "నీ పేరేంది తాతా?" అని ఇంకో పిల్ల అడిగింది. "యాదికి లేదు బిడ్డా" అన్నాడు. చప్పట్లే చప్పట్లు. నేనూ నవ్వాను, అబద్ధమెందుకు. ఇంటికొస్తుంటే ఆటోలో మా మనుమడు నా కొంగు పట్టుకుని అడిగాడు: "నానమ్మా, నువ్వెప్పటి సంది మర్చిపోతవ్?"

మర్చిపోతావా అని అడగలేదు, చూడండి. ఎప్పటినుంచి అని అడిగాడు. తొమ్మిదేళ్లకే వాడి లెక్కలో అది ఖాయమైపోయింది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టకపోవడానికి కారణం ఉంది. ఇలాంటి నమ్మకం ముప్పై, నలభై ఏళ్ల తర్వాత ఎక్కడికి చేరుతుందో అమెరికాలో లెక్కగట్టి చూశారు. బాల్టిమోర్‌లో 1958లో మొదలై ఇప్పటికీ నడుస్తున్న అధ్యయనం ఒకటుంది. అందులోని మనుషుల్ని ఒకసారి చూసి వదిలేయరు, ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ పిలిచి పరీక్షిస్తారు. 1968లో వాళ్లకు ముసలివాళ్ల గురించి కొన్ని వాక్యాలిచ్చి, ఒప్పుకుంటారా లేదా అని అడిగారు. ముసలివాళ్లకు పరధ్యానం ఎక్కువ అన్నది అందులో ఒకటి. జవాబులు ఫైల్లో పడి ఉన్నాయి. దశాబ్దాల తర్వాత యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన బెకా లెవీ, ఆమె సహచరులు ఆ ఫైళ్లు తీసి, ఎవరు ఏమని టిక్కు పెట్టారో, ఆ తర్వాత వాళ్లకేమైందో పక్కపక్కన పెట్టి చూశారు.

మొదట గుండె సంగతి. జవాబులిచ్చినప్పుడు 50 ఏళ్లలోపు ఉండి, గుండెజబ్బు లేని 440 మందిని తీసుకున్నారు. ముప్పై ఏళ్లలో, ముసలితనాన్ని బాగా చిన్నచూపు చూసినవాళ్లలో 25 శాతం మందికి గుండెపోటో, పక్షవాతమో, అలాంటి ఇంకేదో వచ్చింది. మంచిగా చూసినవాళ్లలో 13 శాతం మందికే వచ్చింది. ఇది 2009లో అచ్చయింది.

తర్వాత జ్ఞాపకం. పరీక్ష చాలా సాదాగా ఉంటుంది. కొన్ని గీతల బొమ్మలున్న కార్డు పది సెకన్లు చూపించి తీసేస్తారు. చూసినదాన్ని కాగితం మీద గీయాలి. అలా పది కార్డులు. ఎన్ని తప్పులు పడ్డాయో లెక్కపెడతారు. 395 మందిని 38 ఏళ్ల దాకా ఇలా చూస్తూ వచ్చారు. 60 దాటినవాళ్లలో, ముసలితనం గురించి చెడ్డ అభిప్రాయం ఎక్కువగా ఉన్నవాళ్లకు జ్ఞాపకం తగ్గిన తీరు మిగతావాళ్లకంటే సుమారు 30 శాతం ఎక్కువ. ఇక్కడ ఓ మాట: జ్ఞాపకమే 30 శాతం పోయిందని కాదు, తగ్గుదల అంత ఎక్కువని. పేపర్లలో ఇది కలగాపులగం అవుతుంటుంది. నాకు ముఖ్యంగా తోచింది ఇంకొకటి. ఆ నమ్మకం తనకు వర్తించే వయసు వచ్చాకే దెబ్బ గట్టిగా తగిలింది. పాతికేళ్లప్పుడు అది ఎవరి గురించో వేసిన జోకు. అరవై ఏళ్లకు అది మన గురించే.

ఎలా తగులుతుందో మా ఇంట్లోనే చూశాను. మా అమ్మ ఊళ్లో ఆడవాళ్లతో చీటీ నడిపేది. ఇరవై మంది, తలా 500, మొత్తం 10 వేలు. ఎవరైనా 1,500 వదులుకుని చీటీ పాడితే వాళ్లకు 8,500 చేతికిచ్చి, ఆ 1,500ను ఇరవై భాగాలు చేసి మనిషికి 75 చొప్పున తగ్గించి, ఈ నెల 425 కడితే చాలని అక్కడికక్కడే నోటితో చెప్పేది. పుస్తకంలో రాసేది తర్వాత. 62 ఏళ్లు రాగానే ఒకరోజు ఆ పుస్తకం మా తమ్ముడి భార్య చేతిలో పెట్టింది. "అరవై దాటినయ్, ఇగ లెక్క తప్పుతది. నువ్వే చూస్కో బిడ్డా" అంది. ఒక్క నెలలో కూడా లెక్క తప్పలేదు. తప్పిందని ఎవరూ అనలేదు. తప్పుతుందని తనే తీర్మానించుకుంది.

ఆ తీర్మానం అరవైలో పుట్టింది కాదు. మా నాయనమ్మను మా అమ్మ ముప్పై ఏళ్లప్పుడు "మతిలేని ముసల్ది" అని విసుక్కోవడం నా చెవులారా విన్నదాన్ని. ఆ మాటే ముప్పై ఏళ్లు తిరిగొచ్చి తన మీదే పడింది.

పుస్తకం పోయాక లెక్కతో పని పోయింది. నెలనెలా ఇరవై మంది వచ్చి కూర్చునే వరండా ఖాళీ అయింది. వాడని పని చేజారుతుంది. చేజారగానే "చూశావా, నేను చెప్పలే" అంటుంది. పరిశోధకులు చెప్పే దారుల్లో ఇది ఒకటి. వయసే అంతేనన్న మనిషి నడక మానేస్తాడు, మందు వేసుకోడు, పరీక్షకు వెళ్లడు. ఇంకోటి, ప్రతి చిన్న మరుపుకూ గుండె జల్లుమంటే, ఆ ఒత్తిడిని ఏళ్ల తరబడి శరీరం మోయాలి.

ఈ అధ్యయనానికి హద్దులున్నాయి. బాల్టిమోర్‌లో చేరినవాళ్లు తమంతట తామే వచ్చినవాళ్లు. 1968 నాటికి అందులో ఉన్నది మగవాళ్లే, ఎక్కువమంది చదువుకున్న తెల్లవాళ్లు. నమ్మకానికీ మరుపుకూ సంబంధం ఉందని అది చూపించింది. నమ్మకమే కారణమని రుజువు చేయాలంటే పిల్లల్ని రెండు గుంపులు చేసి ఒక గుంపుకు చెడ్డ మాటలే నేర్పాలి, ఆ పని ఎవరూ చేయరు. అయితే చదువు, కుంగుబాటు, ముందే ఉన్న జబ్బులు, వీటి ప్రభావం తీసేసి చూసినా తేడా నిలిచింది. అభిప్రాయం ముందు నమోదైంది, మరుపు తర్వాత వచ్చింది. మన దేశంలో పెద్దవయసువాళ్ల మీద 2017-18లో జరిగిన లాసీ అనే సర్వే 45 దాటినవాళ్లను, వాళ్ల జీవిత భాగస్వాములను తీసుకుంది కాబట్టి, ఇరవై ఏళ్లప్పుడు ఎవరేమనుకున్నారన్నది అందులో దొరకదు.

ఇక మన జిల్లా సంగతి. ముసలితనమంటే ఏమిటో నల్గొండ పిల్లలు నేర్చుకున్నంత ఘోరంగా ఇంకెక్కడా నేర్చుకుని ఉండరు. మా అమ్మగారిది మర్రిగూడ వైపు. నా చిన్నప్పుడు అక్కడ ముసలివాళ్లంటే నడుం వంగినవాళ్లు, మెడ తిప్పలేనివాళ్లు, లేవడానికి గోడ పట్టుకునేవాళ్లు. వయసు మీద పడితే అట్లే అయితదని పెద్దవాళ్లు చెబితే నమ్మాం. అది వయసు కాదు, నీళ్లు. గ్రానైటు రాళ్లలోంచి ఫ్లోరైడు కరిగి బావుల్లోకి, బోర్లలోకి వచ్చింది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడనిది ఎన్నో రెట్లు దాటింది. ఎముకల్లో పేరుకుని, కీళ్లను బిగించి, వెన్నుపూసను కర్రలా చేసింది. నలభై ఏళ్లవాళ్లు కూడా అలాగే వంగిపోయారు కదా, మరి వయసెట్లయిందని మేమెవరం అడగలేదు. కృష్ణా నీళ్లు వచ్చాక పుట్టిన పిల్లల నడుములు తిన్నగా ఉన్నాయి. నీళ్లు చేసిన పనిని ఇన్నేళ్లూ వయసు ఖాతాలో రాశాం.

ఆ రాత ఇంకా ఆగలేదు. పోయినేడు మా అమ్మ అడిగిందే అడగడం, చెప్పింది చెప్పినట్టే మర్చిపోవడం మొదలుపెడితే ఆసుపత్రికి తీసుకెళ్లాను. ఎక్కడో చెప్పను. అక్కడి డాక్టరు ఆమె ముఖం కూడా చూడకుండా "ఎనభై దాటినయ్ కదమ్మా, ఇంకేముంటది" అన్నారు. మా అమ్మ తల ఊపింది. అది ఆమెకు యాభై ఏళ్లుగా తెలిసిన మాటే. నేనే పట్టుబట్టి చెవుల డాక్టరు దగ్గరకు తీసుకెళితే రెండు చెవుల్లోంచీ నల్లగా గట్టిపడ్డ గుబిలి తీశారు. సగం మరుపు అసలు వినపడకపోవడం. రక్తపరీక్షలో బి12 బాగా తక్కువని తేలి ఇంజెక్షన్లు వేశారు. మూడు నెలలకు మనిషి తేటపడింది. ఎనభై నాలుగేళ్ల మనిషికి మరుపు అసలే లేదనడం లేదు. చిత్తవైకల్యం అనే జబ్బు నిజంగా ఉంది, అది ధైర్యం చెబితే పోయేది కాదు. కానీ అదో కాదో తేల్చకముందే వయసని రాసేస్తే, నయమయ్యేది కూడా నయం కాకుండా పోతుంది.

మిమ్మల్ని రెండే అడుగుతున్నాను.

అరవై దాటిన మనిషి మరుపని వస్తే వినికిడి, చూపు, బి12, థైరాయిడ్, కుంగుబాటు, వేసుకుంటున్న మందులు చూశాకే ఏదైనా రాయాలని జిల్లాలోని ప్రభుత్వ ఆసుపత్రులకు, ఆరోగ్య కేంద్రాలకు చెప్పండి. చెవిలోకి లైటు వేసి చూడటానికి రెండు నిమిషాలు చాలు.

రెండోది బడులది. అలాంటి నాటికలు వేయొద్దని ఆర్డరు ఇవ్వమని అడగను. ఇస్తే నవ్వుతారు, నేనూ నవ్వుతాను. ఏటా అక్టోబరు 1న వృద్ధుల దినోత్సవమని శాలువాలు కప్పి, అరటిపళ్లు పంచి, ఫొటో దిగుతాం. పిల్లలకు ఆ ఫొటోలో కనిపించేది చేయి చాపిన ముసలివాళ్లే. అమెరికాలో చిన్నపిల్లల్ని వృద్ధాశ్రమానికి తరచూ తీసుకెళితే వాళ్ల అభిప్రాయం బాగుపడకపోగా ఇంకా చెడిందని 1987లోనే ఒక అధ్యయనం చెప్పింది. అదే, వయసు గురించి నాలుగు నిజాలు చెప్పి, పెద్దవాళ్లతో కలిసి పనిచేయిస్తే జనం అభిప్రాయం మారుతుందని 63 అధ్యయనాలను కలిపి 2019లో తేల్చారు. ఈ అక్టోబరులో ఎనిమిదో తరగతికి ఊళ్లోని పెద్దవాళ్లను పాఠం చెప్పడానికి పిలిపించండి. మోట ఎలా తోలేవారో, బోరు ఎప్పుడు పడిందో, నడుములు ఎప్పటినుంచి వంగాయో వాళ్లే చెబుతారు. తప్పు నాది కూడా. కాబోయే టీచర్లకు ముప్పై ఏళ్లపాటు "వృద్ధాప్యం: క్షీణదశ" అని బోర్డు మీద రాసి నోట్సు ఇచ్చినదాన్ని.

మా అమ్మను అడిగాను. శాతాల పాఠానికి చీటీ పాట లెక్క చెబుతానంది. కిందికి వంగి కూర్చోలేదు, చేతులున్న కుర్చీ ఒకటి కావాలి. మైకు వద్దట. పొద్దున పదిన్నర లోపైతే బాగుంటుంది, తర్వాత ఆమెకు టిఫిన్ వేళ.

ఇట్లు,
ఒక రిటైర్డ్ లెక్చరర్,
నల్గొండ