బంగారం ప్రీమియం వేరు, దిగుమతి సుంకం వేరు

గౌరవనీయులైన సంపాదకులకు,

బంగారం ధరల మీద పత్రికల్లో వచ్చే వార్తల్లో ఒక పొరపాటు పదేపదే కనిపిస్తోంది. లండన్ ధరను రూపాయల్లోకి మార్చి, దేశీయ ధరలోంచి దాన్ని తీసివేసి, మిగిలిన మొత్తాన్నంతటినీ ప్రీమియం అని రాస్తున్నారు. ఆ మొత్తంలో అత్యధిక భాగం దిగుమతి సుంకం, జీఎస్టీ. బులియన్ వర్తకులు ప్రీమియం అనేది వేరొక దాన్ని. సుంకం, పన్ను కలిపాక లెక్కప్రకారం తేలే ధర కంటే ఔన్సుకు ఇంకా ఎన్ని డాలర్లు ఎక్కువ ఇస్తే సరుకు చేతికొస్తుందో అది ప్రీమియం. ఆ ధర కంటే తక్కువకే దొరుకుతుంటే దాన్ని డిస్కౌంట్ అంటారు. ఈ రెంటినీ కలిపేయడం వల్ల పాఠకుడికి మార్కెట్‌లో జరుగుతున్నదానికి సరిగ్గా తలకిందులైన అర్థం అందుతోంది. అందుకే ఈ లేఖ.

అంతర్జాతీయ ధరగా మనం చెప్పుకునేది, లండన్‌లో ప్రతి పనిదినం ఉదయం 10.30కి, మధ్యాహ్నం 3 గంటలకు వేలం ద్వారా నిర్ణయమయ్యే లండన్ బులియన్ మార్కెట్ అసోసియేషన్, అంటే ఎల్‌బీఎంఏ, ధర. అది లండన్ ఖజానాల్లో ఉన్న, ఒక్కొక్కటి సుమారు 400 ఔన్సులు, అంటే పన్నెండు కిలోలు దాటిన కడ్డీలకు సంబంధించిన ధర. ఆ కడ్డీని ఆభరణాల తయారీదారు నేరుగా వాడుకోలేడు. దాన్ని శుద్ధి కర్మాగారంలో కరిగించి కిలో బార్లుగా పోయాలి, విమానంలో పంపాలి, బీమా కట్టాలి, దారిలో ఉన్నన్ని రోజులకూ వడ్డీ భరించాలి. ఇవన్నీ కలిపినా మామూలు రోజుల్లో ఔన్సుకు కొద్ది డాలర్లకు మించవు. దిగుమతి స్వేచ్ఛగా సాగుతున్నంతకాలం ప్రీమియం కూడా ఆ ఖర్చును అంటిపెట్టుకునే ఉంటుంది, ఎందుకంటే అంతకు మించి పెరిగిన వెంటనే ఎవరో ఒకరు మరింత సరుకు తెప్పించి లాభం చేసుకుంటారు, ఆ సరుకు రాకతోనే ప్రీమియం తిరిగి దిగివస్తుంది. కాబట్టి ప్రీమియం చాలాకాలం పాటు ఎత్తులోనే నిలిచిందంటే, ఆ అదనపు సరుకును ఏదో అడ్డుకుంటోందని అర్థం.

దీనికి 2013 నాటి భారతదేశ అనుభవం కంటే స్పష్టమైన ఉదాహరణ నాకు తెలియదు. విదేశాలతో లావాదేవీల్లో కరెంట్ ఖాతా లోటు పెరిగి, రూపాయి పడిపోతున్న ఆ ఏడాదిలో బంగారంపై సుంకాన్ని జనవరిలో 6 శాతానికి, జూన్‌లో 8 శాతానికి, ఆగస్టులో 10 శాతానికి పెంచారు. జులైలో రిజర్వు బ్యాంకు మరో నిబంధన తెచ్చింది. దిగుమతి చేసుకునే ప్రతి సరుకులో ఐదో వంతును ఎగుమతిదారులకే కేటాయించాలి, ఆ వాటా ఎగుమతికి వెళ్లినట్టు చూపితేనే తర్వాతి దిగుమతులు సాగుతాయి. దాన్నే 80:20 నిబంధన అన్నారు. పైకి చూస్తే నూటికి ఎనభై వంతులు దేశీయ మార్కెట్‌కే మిగులుతున్నాయి కదా అనిపిస్తుంది. ఆచరణలో మాత్రం ఎగుమతిదారు ఎంత కొంటాడన్న దాని మీదే మొత్తం దిగుమతి ఆధారపడిపోయింది. అతడు నాలుగు కిలోలు కొంటే దేశీయ కొనుగోలుదారులకు పదహారు కిలోలు, అతడు ఒక్క కిలోతో ఆగితే వీరికీ నాలుగు కిలోలతోనే సరి.

పండుగలు, పెళ్లిళ్ల కొనుగోళ్లు తోడై డిసెంబరు నాటికి ప్రీమియం ఔన్సుకు 160 డాలర్లకు చేరింది. అదే ఏడాది లండన్ ధర పావు వంతుకు పైగా పడిపోయి, అప్పటికి సుమారు 1,230 డాలర్ల దగ్గర ఉందన్న సంగతిని ఇక్కడ గమనించాలి. ప్రపంచ మార్కెట్‌లో బంగారం చవకవుతుంటే, అత్యధికంగా వాడే దేశాల్లో ఒకటైన మన దగ్గర అది అరుదైపోయింది.

2014 నవంబరు 28న ఆ నిబంధనను ఎత్తివేశారు. సుంకం మాత్రం 10 శాతం దగ్గరే ఉండిపోయింది. అయినా ఆ నాటి భారీ ప్రీమియం నిలవలేదు. సుంకం ప్రీమియంను సృష్టించదనీ, సరుకు పరిమాణం మీద పెట్టిన కట్టడే సృష్టిస్తుందనీ చెప్పడానికి ఇంతకంటే మంచి రుజువు దొరకదు.

నిజానికి అధిక సుంకం చేసే పని దానికి వ్యతిరేకమైనది. కిలోకు 32.15 ఔన్సులు. ఔన్సు 2,400 డాలర్లు ఉన్నప్పుడు 15 శాతం సుంకమంటే ఔన్సుకు 360 డాలర్లు, కిలోకు దాదాపు 11,600 డాలర్లు. దొంగచాటుగా తెచ్చినవాడు ఈ మొత్తాన్ని కట్టడు కనుక, అధికారిక లెక్కధర కంటే ఔన్సుకు పదుల డాలర్లు తగ్గించి అమ్మినా అతడికి లాభమే. చట్టప్రకారం సుంకం కట్టి తెచ్చిన బ్యాంకు ఆ ధరతో పోటీ పడలేదు. కొనుగోళ్లు మందగించిన రోజుల్లో ఇది డిస్కౌంట్ రూపంలో బయటపడుతుంది. 2024 జులై 23న కేంద్ర బడ్జెట్‌లో సుంకాన్ని 15 నుంచి 6 శాతానికి తగ్గించినప్పుడు, అంతకుముందు వారాల్లో కొనసాగిన డిస్కౌంట్ కొద్ది రోజుల్లోనే పోయి ప్రీమియం వచ్చింది. చవకైన ధరకు కొనుగోలుదారులు తరలివచ్చారు. ఔన్సుకు 360 డాలర్లున్న అక్రమ రవాణా లాభం, అదే ధర దగ్గర, 144కి కుంచించుకుపోయింది. ఆ వారం ధర తగ్గింది, ప్రీమియం పెరిగింది. రెండింటినీ ఒకటిగా చూసే పాఠకుడికి ఇది అర్థంకాని చిక్కుముడిగానే మిగులుతుంది.

చైనాలో ఆ కట్టడి మరో రూపంలో ఉంది. అక్కడ ఏ బ్యాంకు ఎంత బంగారం తెచ్చుకోవచ్చో కేంద్ర బ్యాంకు కోటాల ద్వారా నిర్ణయిస్తుంది. 2023 సెప్టెంబరులో యువాన్ బలహీనంగా ఉండి, కొనుగోళ్లకు తగినంత సరుకు లేనప్పుడు షాంఘై ప్రీమియం ఔన్సుకు 100 డాలర్లు దాటింది. 2020లో మహమ్మారి వల్ల కొనుగోళ్లు పడిపోయినప్పుడు డిస్కౌంట్ నెలల తరబడి సాగింది. మిగిలిన సరుకును తిరిగి బయటికి పంపే దారి స్వేచ్ఛగా తెరిచి ఉంటే అది అంతకాలం నిలిచేది కాదు. అంటే వచ్చే దారి ఇరుకైతే ప్రీమియం, పోయే దారి మూసుకుపోతే డిస్కౌంట్ నిలిచిపోతాయి.

ఈ తేడాలను లెక్కకట్టేటప్పుడు కొన్ని అబద్ధపు ప్రీమియంలు కూడా పుడతాయి. లండన్ మధ్యాహ్నపు ధర వెలువడేసరికి షాంఘైలో రాత్రి అవుతుంది. అక్కడి సాయంత్రపు ధరను దీనితో పోలిస్తే, ఈ మధ్య గంటల్లో ప్రపంచ ధరలో వచ్చిన కదలికే ప్రీమియంలా కనబడుతుంది. స్వచ్ఛతలోనూ ఇదే ప్రమాదం ఉంది. లండన్ ధర స్వచ్ఛమైన బంగారం ఔన్సుకు చెప్పేది. వెయ్యికి 995 వంతుల స్వచ్ఛత గల బార్ ధరను సరిదిద్దకుండా దాని పక్కన పెడితే, 2,400 డాలర్ల దగ్గర 12 డాలర్ల డిస్కౌంట్ ఎక్కడా లేకుండానే పుట్టుకొస్తుంది.

అందువల్ల నా విన్నపం ఒక్కటే. మీ వాణిజ్య పుటలో రోజూ ప్రచురించే బంగారం ధర పక్కన, అదే సమయానికి లండన్ ధరను, మారకపు రేటును, సుంకాన్ని, పన్నును విడివిడిగా చూపి, అవన్నీ కలిపాక మిగిలే తేడాను మాత్రమే ప్రీమియం లేదా డిస్కౌంట్ అని ప్రచురించగలరు. ఇందుకు ప్రతిరోజూ ఒక్క వరుస అదనంగా కేటాయిస్తే సరిపోతుంది.

భవదీయుడు,
బులియన్ దిగుమతుల లెక్కలు చూసి విశ్రాంతి తీసుకుంటున్న ఒక పాఠకుడు