ఆలస్యంగా వచ్చిన పిల్లను గేటు బయట నిలబెట్టే నియమం గురించి: ఒడిశా విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఒడిశా పాఠశాల, ప్రజా విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. గజపతి జిల్లాలో, పర్లాకిమిడికి దగ్గరలో, తెలుగు, ఒడియా, సవర మూడు భాషలూ వినిపించే ఒక ప్రభుత్వ బడిలో నా పిల్లలు చదువుతున్నారు. ఆ బడి యాజమాన్య కమిటీలో నేను సభ్యురాలిని. మా బడి విద్యార్థుల ప్రవర్తనా నియమావళిని ఈ ఏడాది తిరగరాయడానికి పూనుకున్నాం. ఆ పనిలో మాకు తెలిసివచ్చిన సంగతులు మీకు చెప్పి, ఒక ఉత్తర్వు కోరడానికి ఈ లేఖ రాస్తున్నాను. దీని ఒడియా ప్రతిని మీ కార్యాలయానికి విడిగా పంపుతున్నాను.

మా పాత నియమావళి ఆఫీసు గది గోడకు అంటించిన ఒకే ఒక్క కాగితం. అందులో పదకొండు నియమాలున్నాయి, పదకొండూ ‘కూడదు’తోనే ముగుస్తాయి. చివర ‘ఉల్లంఘించినవారిపై కఠిన చర్య తీసుకోబడును’ అని ఉంది. ఆ చర్య ఏమిటో, ఎవరు తీసుకుంటారో, పిల్లవాడి మాట ఎవరు వింటారో ఎక్కడా లేదు. దాంతో ఒకే తప్పుకు ఒక పంతులు గారు గుంజీలు తీయించేవారు, మరొకరు గోడకుర్చీ వేయించేవారు, ఇంకొకరు టీసీ ఇచ్చి పంపేస్తామని బెదిరించేవారు.

ఈ ఏడాది మార్చిలో, జీడి కాపు మొదలైన రోజుల్లో, నాలుగో తరగతి పిల్ల ఒకతి రెండు వారాల్లో నాలుగుసార్లు ఆలస్యంగా వచ్చింది. నాలుగుసార్లూ గేటు వేసి, మొదటి పీరియడ్ అయ్యేదాకా ఆమెను బయటే నిలబెట్టారు. మొదటి పీరియడ్ లెక్కలు. అప్పుడు భాగహారం చెబుతున్నారు. నెలాఖరులో ఆ పిల్ల పలకమీద ఎనభై నాలుగును నాలుగుతో భాగించలేక నా ముందు తల దించుకుని కూర్చుంది. ఎందుకు ఆలస్యమవుతోందని అప్పటిదాకా ఎవరూ అడగలేదు. నేను అడిగితే చెప్పింది: తల్లి చీకటితోనే జీడితోటకు వెళ్తుంది, అంగన్‌వాడీ తెరిచేదాకా తమ్ముణ్ణి ఈ పిల్లే చూసుకోవాలి, వాణ్ణి అక్కడ దించి పరుగున వచ్చేసరికి బడి గంట కొట్టేసి ఉంటుంది.

చట్టం ఏమంటోందో మీకు నేను చెప్పనక్కర్లేదు గాని, మా బడి గోడ మీది కాగితానికీ దానికీ ఎంత దూరముందో చూపించాలి. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లలను కొట్టడాన్నీ మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. 16వ సెక్షన్ ప్రకారం ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఏ పిల్లనూ బడి నుంచి తీసేయడానికి వీల్లేదు, కాబట్టి టీసీ బెదిరింపుకు చట్టంలో ఆధారమే లేదు. గోడకుర్చీ, బెంచీ ఎక్కించడం, మోకాళ్ళ మీద నిల్చోబెట్టడం కూడా శారీరక శిక్షలేనని జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ మార్గదర్శకాలు పేరుపేరునా చెబుతున్నాయి. అయినా ఇవి కొనసాగడానికి కారణం పంతుళ్ళ కఠినత్వం ఒక్కటే కాదని నా అభిప్రాయం. ఏం చేయకూడదో వారికి చెప్పాం గాని, బదులుగా ఏం చేయాలో రాసి చేతికివ్వలేదు.

అందుకే మేము ఆలస్యం అనే ఒక్క నియమాన్ని తీసుకుని మూడు వయసులకు మూడు విధాలుగా రాసి చూశాం. ఒకటి, రెండు తరగతులకు రెండు వాక్యాలూ ఒక బొమ్మా చాలు: ‘గంట కొట్టేసరికి వరుసలో ఉందాం. ఆలస్యమైతే తిన్నగా టీచరు దగ్గరికి వెళ్ళి చెబుదాం.’ మూడు నుంచి ఐదు తరగతులకు దీనికి కారణం చేర్చాం: మొదటి పాఠం పోతే తరువాతి పాఠం అర్థం కాదు కాబట్టి, పోయిన పాఠాన్ని ఆ రోజే భోజనం తిన్న తరువాత పది నిమిషాలు కూర్చుని టీచరు సాయంతో పూర్తి చేయాలి. ఆరు నుంచి ఎనిమిది తరగతులకు మెట్లన్నీ రాశాం. నెలలో మొదటిసారైతే కారణం అడిగి లోపలికి పంపాలి. రెండోసారి పోయిన పాఠం పూర్తి చేయించాలి. మూడోసారి పిల్ల మాట విన్నాక, ఆ పిల్ల సమక్షంలోనే తల్లిదండ్రులతో మాట్లాడి, ఏం చేయాలని అనుకున్నారో రిజిస్టరులో రెండు ముక్కలు రాయాలి. నెల మారితే లెక్క మళ్ళీ మొదటి నుంచి మొదలవుతుంది. ఏ మెట్టులోనూ తరగతి గది బయట నిలబెట్టరాదని, మధ్యాహ్న భోజనాన్నీ ఆటల పీరియడ్‌నూ శిక్షగా తీసేయరాదని అన్ని తరగతుల ప్రతిలోనూ ఒకే మాటగా రాసుకున్నాం.

కమిటీలో ఎక్కువసేపు వాదన జరిగింది న్యాయం గురించే. ఆ నాలుగో తరగతి పిల్ల ఆలస్యంగా వచ్చిన నెలలోనే ఏడో తరగతి కుర్రాడొకడు మహేంద్రతనయ ఒడ్డున ఆడుకుంటూ మూడుసార్లు ఆలస్యంగా వచ్చాడు. ఇద్దరికీ ఒకే శిక్ష ఉంటేనే న్యాయమని కొందరు తండ్రులు అన్నారు. అడిగే ప్రశ్న, వినే తీరు, రాసే రిజిస్టరు ఇద్దరికీ ఒకటే కావాలి గాని, ఆ తరువాత చేసే పని ఒకటి కానక్కర్లేదని మేము చివరకు ఒప్పుకున్నాం. కుర్రాడు పోయిన పాఠాన్ని పూర్తి చేసి, రేపటి నుంచి ఎన్నింటికి ఇంటి నుంచి బయలుదేరతాడో తానే చెప్పి రాయాలి. పిల్ల విషయంలో మారవలసింది ఆమె ప్రవర్తన కాదు, తమ్ముణ్ణి దించే వేళ. రిజిస్టరులో ఒకే పేరు పదే పదే కనబడుతుంటే ఆ పిల్ల మొండిదని కాక, మనం పెట్టిన మెట్టు పనిచేయడం లేదనీ, కారణం ఇంకెక్కడో ఉందనీ అనుకోవాలి.

ముసాయిదాను పిల్లల చేత చదివించి, ‘దీని అర్థం నీ మాటల్లో చెప్పు’ అని అడిగాం. మొదటి ప్రతిలో ‘క్రమశిక్షణా చర్య’ అన్న మాట మిగిలిపోయింది. దాని అర్థం అడిగితే ఐదో తరగతి పిల్లవాడు ఒక్క మాటలో ‘కొడతారు’ అన్నాడు. ఆ మాట తీసేశాం. సవర పిల్లలకు ఒడియా ప్రతి గాని, తెలుగు ప్రతి గాని చాలలేదు. వాళ్ళ ఇంటి భాష తెలిసిన ఒక తల్లి కూర్చుని చెప్పాకే వాళ్ళు ప్రశ్నలు వేశారు. సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పాలని ఆ భాష నేర్చి పుస్తకాలు రాసిన గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలోనే పంతులుగా పనిచేశారు. అదే ప్రాంతంలో నియమావళి ఒక్క భాషలోనే ఉండటం నాకు బాధగా ఉంది.

ఈ మెట్లు అన్నిటికీ పనికిరావు. పిల్లల మీద లైంగిక వేధింపు జరిగితే అది 2012 పోక్సో చట్టం కిందికి వస్తుంది, పోలీసులకు తెలియజేయక తప్పదు. దాన్ని నియమావళి పేరుతో బడిలోనే సర్దుబాటు చేయడానికి వీల్లేదని ప్రతి ప్రతిలోనూ స్పష్టంగా రాయాలి.

మంత్రి గారూ, సరిహద్దు జిల్లాల బడులన్నీ వయసును బట్టి మూడు స్థాయిల్లో, పిల్లల ఇంటి భాషల్లో నియమావళి రాసుకోవాలని, ‘కఠిన చర్య’ వంటి మాటలు తీసేసి ఏ తప్పుకు ఏం జరుగుతుందో విడమరచి రాయాలని, దాన్ని యాజమాన్య కమిటీ ఆమోదించాలని ఉత్తర్వు ఇప్పించండి. ఆ కమిటీల్లో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలని చట్టమే చెబుతోంది కనుక ఈ పని మాతో చేయించవచ్చు. జీడి కాపు రోజుల్లో అంగన్‌వాడీ, బడి తెరిచే వేళలను కలపడం మాత్రం మా చేతిలో లేదు. దానికి మీరు మహిళా, శిశు అభివృద్ధి శాఖతో మాట్లాడాలి. వచ్చే మార్చికి ముందే ఆ మాట జరగాలని, ఆ పిల్ల ఐదో తరగతిలో మొదటి పీరియడ్‌ను గేటు లోపలే గడపాలని వేడుకుంటున్నాను.

ఇట్లు,
యాజమాన్య కమిటీ సభ్యురాలు, ఇద్దరు పిల్లల తల్లి
గజపతి జిల్లా